కిస్తీ తగ్గించమని ఇద్దరం రాసిన ఉత్తరం

మా బాపుకు మెల్లగా మాట్లాడడం రాదు. సూరత్‌లో నలభై ఏళ్లు సాంచెల మధ్య నిలబడి బట్ట నేసిన మనిషి. సాంచె అంటే కరెంటు మగ్గం. ఒక్క షెడ్డులో అవన్నీ కలిసి కొట్టుకుంటుంటే పక్కనున్న వాడికి మాట చెప్పాలన్నా అరవాల్సిందే. ఆయన చెవులు అక్కడే పోయాయి, గొంతు అక్కడే పెరిగింది. అందుకే నేను వంటింట్లో నిలబడి, గొంతు తగ్గించి, నా ఉద్యోగం పోయిందని చెబితే ఆయన ఇచ్చిన ఓదార్పు మా డిండోలీ అపార్ట్‌మెంటు నాలుగంతస్తులకూ వినిపించింది.

"పోతే పోనియ్ బిడ్డా. నౌకరే గదా పోయింది, పానం పోలే."

మర్నాడు లిఫ్టులో కింది ఫ్లాటు ఆంటీ నన్ను చూసి జాలిగా తలూపింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాం, దాచుకునే భాగ్యం మా ఇంట్లో ఎవరికీ ఏనాడూ లేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. తొమ్మిదేళ్లు ఒకే కంపెనీ, అందులో చివరి నాలుగేళ్లు సూరత్‌లో ఇంటి నుంచే. ఒకరోజు పొద్దున మీటింగుకు పిలిచారు. కెమెరాలో ఎన్నడూ చూడని ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఆవిడ మాటలు పూర్తయ్యేలోపే నా లాగిన్ పనిచేయడం మానేసింది. ఏడవలేదు. ముందు కిస్తీ గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కింద ఈ ఫ్లాటు కొన్నాం. ఇరవై ఏళ్ల లోను, నెలకు ఇరవై రెండు వేలకు కాస్త తక్కువ కిస్తీ. ఇల్లు నా పేరు మీద, బాపు పేరు మీద కలిపి రాయించాను. ఇంటి కాగితాల మీద పేరున్న ప్రతి ఒక్కరూ లోనులో కూడా ఉండాలని బ్యాంకువాళ్లు చెప్పారు. అట్లా అరవై రెండేళ్ల వయసులో, జీతం లేని మా బాపు నాతోపాటు అప్పుదారుడయ్యాడు. నేను పెళ్లి చేసుకోలేదు. ఆ విషయంలో మా బంధువులకున్నంత బాధ నాకు లేదు. అమ్మా, బాపూ, నేనూ, మా ముగ్గురికీ ఆ రెండు గదులు చాలు.

అంతకుముందు మేం సూరత్‌లోనే, కార్ఖానాలుండే వడోద్‌లో ఒకే గది ఇంట్లో ఉండేవాళ్లం. పొడుగ్గా ఒక వరుస, ఎదురుగా ఇంకో వరుస, మధ్యలో బట్టలారేసే తాళ్లు. మా వరుసలో సగం మంది మాలాగే తెలంగాణ నుంచి వచ్చినవాళ్లే, సగం మంది ఒడియా వాళ్లు, ఒక చివర యూపీ భయ్యాలు. నీళ్ల దగ్గర నాలుగు భాషల్లో తిట్టుకునేవాళ్లం. పగటి పాళీ వాళ్లు లేచి వెళితే, రాత్రి పాళీ వాళ్లు అదే చాప మీద పడుకునే గదులు కూడా ఉండేవి. మా గదిలో అట్లా లేదు. మా గదిలో చీరల మూటలుండేవి. అమ్మ ఆ చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించేది. బడి నుంచి వచ్చాక నేనూ కూర్చునేదాన్ని. జరీ పోగులు పాదాలకు అంటుకుని, నిద్రలో కూడా మెరిసేవి. ఇప్పటికీ మార్కెట్టులో కొత్త చీర మడత విప్పిన వాసన వస్తే నేను ఒక్క క్షణం ఆగిపోతాను. అంత ఇరుకులో అంత హాయిగా ఎట్లా ఉన్నామో ఎవరైనా అడిగితే చెప్పలేను, కానీ ఉన్నాం.

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి పేరు కన్నా ఎక్కువగా వినిపించిన మాట ఉపాడ్. జీతం చేతికి రాకముందే కార్ఖానా సేఠ్ దగ్గర తీసుకునే పైసలను అక్కడ ఉపాడ్ అంటారు. జ్వరమొస్తే ఉపాడ్, ఊళ్లో పెళ్లి ఉంటే ఉపాడ్. తర్వాత నెల జీతంలో కోత పడుతుంది. ఉపాడ్ ఉన్నవాడు ఆ కార్ఖానా వదిలి ఇంకో కార్ఖానాకు పోలేడు. మా బాపు ఏడాదంతా ఎట్లున్నా, దీపావళికి ముందు మాత్రం ఉపాడ్ మొత్తం తీర్చేవాడు. దీపావళికి సాంచెలన్నీ బందవుతాయి, అయిదో రోజు, లాభ్ పాంచమ్ నాడు మళ్లీ తెరుస్తారు. ఆ పొద్దున ఆయన తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్ఖానా గడప దాటేవాడు.

"ఉపాడ్ లేకుంటే కాళ్లు తేలిగ్గుంటయి బిడ్డా" అనేవాడు. నాకు కొత్త గౌను లేని దీపావళులు ఉన్నాయి. ఆయన కాళ్లు తేలికగా లేని లాభ్ పాంచమ్ ఒక్కటీ లేదు.

ఒక ఏడు ఇంకో విచిత్రం చేశాడు. బోనసు మొత్తం ఇంటికి తేకుండా సేఠ్ దగ్గరే జమ పెట్టి వచ్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ ఎండాకాలం మార్కెట్టు పడిపోయింది. మందీ అంటారు. బట్ట అమ్ముడుపోక సగం సాంచెలు ఆగిపోయాయి. చుట్టుపక్కల గదుల్లో రెండు పూటలా పొయ్యి వెలగలేదు. మాకు మాత్రం సేఠ్ ఆ జమలోంచి నెలనెలా ఇచ్చాడు. అప్పటి నుంచి మా ఇంట్లో అదొక వేదవాక్యమైంది. చేతికి ఒకేసారి పెద్ద మొత్తం వస్తే ముందు అప్పిచ్చేవాడి దగ్గర పడేయాలి, కష్టకాలంలో వాడే చూసుకుంటాడు.

బాపుకు అప్పంటే అంత భయం ఎందుకో నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. ఆయనకు పదిహేనేళ్లప్పుడు మా తాత సూరత్‌లోనే జబ్బు చేసి పోయాడు. పోయేటప్పటికి తాత పేరు మీద ఉపాడ్ ఉంది. సేఠ్ చెడ్డవాడేం కాదట, దహనానికి తనే కట్టెలు కొనిచ్చాడట. పదకొండో రోజు అయ్యాక మాత్రం బాపును పిలిచి తాత నడిపిన సాంచెల ముందు నిలబెట్టాడు. మూడు దీపావళులు ఆ పిల్లవాడు జీతం అనేదే కళ్లచూడలేదు. "నా బిడ్డకు ఏమియ్యకున్నా మంచిదే, ఉపాడ్ మాత్రం ఇయ్య" అని ఆయన అమ్మతో అంటుంటే విన్నాను. మెల్లగా అన్నాననే అనుకుని ఉంటాడు.

ఉద్యోగం పోయిన నెలాఖరుకు కంపెనీ లెక్క తేల్చి పైసలు వేసింది. మూడు నెలల జీతం, గ్రాట్యుటీ, వాడుకోని సెలవులు, అన్నీ కలిపి ఆరున్నర లక్షల దాకా వచ్చాయి. నా ఖాతాలో ఒక్కసారిగా అంత డబ్బు చూడడం అదే మొదటిసారి. బాపు ఆ సాయంత్రం చాయ్ తాగుతూ తీర్పు చెప్పాడు.

"బ్యాంకుల పడెయ్. గిప్పుడు మందీ ఒచ్చింది మనకు. ముందే జమ పెడితే కొన్ని నెలలు కోత పెట్టరు."

నేను తప్పులు పట్టి బతికే మనిషిని, ఆ మాట మీద ఒక్క ప్రశ్న వేయలేదు. వేయాలనిపించలేదు. ఆయన అంత ధీమాగా చెబుతుంటే నాకు మళ్లీ వడోద్ గదిలో, ఆయన నీడలో కూర్చున్నట్టు హాయిగా ఉంది. ఇంటి ఖర్చుకు కొంచెం ఉంచుకుని ఆరు లక్షలు బ్యాంకు యాప్‌లోనే లోనుకు కట్టేశాను. అసలు ఇరవై రెండున్నర లక్షల నుంచి పదహారున్నరకు దిగింది. కిస్తీ అంతే ఉంటుంది, కాలం తగ్గుతుంది అని కింద ఒక వాక్యం కనిపించింది. కాలం తగ్గితే మంచిదే కదా అనుకున్నాను. పదహారేళ్లు ఉండాల్సిన లోను తొమ్మిదేళ్ల చిల్లరకు వచ్చేసింది. బాపుకు చెబితే వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"గప్పటికి నాకు డెబ్భై అయిదు. ఉంట తియ్యి. అప్పు తీరిన కాగితం సూసే పోత."

ఆ రాత్రి ఆయన రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

మరుసటి వారం ఫోనుకు మెసేజ్ వచ్చింది. పదిహేనో తారీఖున కిస్తీ కోస్తాం, ఖాతాలో ఇరవై రెండు వేలు ఉంచండి అని. నేను చదివి వినిపించాను.

"మల్ల ఏంది? మొన్ననే గదా గంత కట్టినం" అన్నాడు బాపు.

"అది అసలుకు పోయింది బాపూ. నెల కిస్తీ నెల కిస్తీయే."

"జమ పెట్టినం గదా."

"బ్యాంకుకు జమ అనేది లేదు. ముందు కట్టినా ఈ నెల ఆగదు."

ఆయన నన్ను చూశాడు, ఫోనును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. సేఠ్ అయితే ఇట్ల చేసేవాడు కాదు అని ఆయన అనలేదు. ఆ మాట ఆయన మొహం మీదే ఉంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చేతిలో ఉన్న డబ్బంతా తీసుకెళ్లి, అడిగితే తిరిగి ఇవ్వని పెట్టెలో వేసి వచ్చాం, ఇద్దరం కలిసి, సంతోషంగా. మిగిలింది ఇంటి ఖర్చుకు రెండు నెలలు వస్తుంది. కిస్తీ కూడా అందులోంచే కడితే ఒక్క నెల.

తర్వాత రెండు రోజులు బాపు పొద్దున బయటికి వెళ్లి మధ్యాహ్నం వచ్చాడు. గుడికి అనుకున్నాం. మూడో రోజు వచ్చినప్పుడు చొక్కా చేతుల మీద నూనె మరకలున్నాయి. మాట ఎప్పటికన్నా పెద్దగా ఉంది. సాంచెల నుంచి వచ్చిన మనిషి చాలాసేపు అట్లాగే మాట్లాడతాడు. అమ్మకు చూడగానే అర్థమైంది.

"యాడికి పోయినవయ్యా?"

"వడోద్‌కు. పాత సేఠ్ కొడుకు ఎనిమిది సాంచెలు ఇస్తనన్నడు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నడు. సగం పాళీ నిలబడి చూసిన, జేస్త."

"మూడు మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకుని కూసుంటవు. ఎనిమిది సాంచెల నడుమ పన్నెండు గంటలు ఉరుకుతవా? నీకు అరవై ఆరు. అద్దం సూస్కున్నవా జర?"

"నువ్వు దారాలు కత్తిరిస్తలేవా?"

"నేను కూసోని కత్తిరిస్త."

నేను ఇద్దరి మధ్య నిలబడి ఉన్నాను. ఆయన్ని మళ్లీ ఆ షెడ్డులోకి పంపకూడదని, ఆ ఒక్కటి జరగకూడదని, నాకు అంత గట్టిగా ఏదీ అనిపించలేదు జన్మలో. ఈ చదువూ ఈ ఇల్లూ ఆయన్ని ఆ చప్పుడులోంచి బయటికి తీసుకురావడానికే. చిన్నచిన్న పనులు చూసుకుంటున్నాను. రింగ్ రోడ్డు మార్కెట్టులో ఒక చీరల వ్యాపారి బిల్లుల సాఫ్ట్‌వేరు చూసిపెట్టమన్నాడు. అమ్మ సంపాదన కలిపితే ఇల్లు గడిచి నెలకు పదహారు, పదిహేడు వేలు మిగల్చగలం. ఇరవై రెండు వేలు మిగల్చలేం. ఆ తేడాకే ఆయన సాంచెల దగ్గరికి పోతున్నాడు. ఒకటో తారీఖులోపు బ్యాంకు కిస్తీ తగ్గించాలి. తగ్గించకపోతే ఆయన ఆగడు.

ఆ రోజే బ్యాంకుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో బ్రహ్మాండంగా వచ్చింది. ఊహించని పరిస్థితులు, తాత్కాలిక ఆర్థిక ఇబ్బంది, మీ విలువైన సంస్థతో మా సుదీర్ఘ అనుబంధం, సానుభూతితో పరిశీలించగలరని మనవి. చివర్లో, ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టేలా లోనును తాత్కాలికంగా పునర్వ్యవస్థీకరించండి అని. ఇద్దరం అప్పుదారులం కాబట్టి బాపు సంతకం కావాలి. తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను.

"గిదేంది బిడ్డా, లగ్గం పత్రిక లెక్కున్నది. నౌకరి పోయిందని యాడ రాసినవ్?"

"అదే, ఊహించని పరిస్థితులు అంటే అదే."

"సేఠ్ కాడికి పోయి ఊహించని పరిస్థితులు అంటే, ఏమైందిరా, ఇంట్ల ఎవరన్న పోయిండ్రా అని అడుగుతడు."

అమ్మ కత్తెర కింద పెట్టి నవ్వింది. ఉద్యోగం పోయిన తర్వాత మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అదే. నాకు ఉక్రోషం వచ్చినా కాగితం చింపి మళ్లీ రాశాను. ఫలానా నెలలో నా ఉద్యోగం పోయింది అని మొదటి వాక్యంలోనే రాశాను. రాయడానికి చేయి రాలేదు కొంచెంసేపు. అప్పటిదాకా ఆ మాట నోటితో అన్నాను గానీ ఎక్కడా రాయలేదు. బాపు తెలుగులో సంతకం పెట్టాడు. కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేసి నేనొక్కదాన్నే బ్రాంచికి వెళ్లాను.

లోన్ల టేబుల్ దగ్గర నాకన్నా చిన్నదే, ఒక గుజరాతీ అమ్మాయి. అందరూ బెన్, అంటే అక్కా, అంటున్నారు, నేనూ బెన్ అన్నాను. ఉత్తరం రెండుసార్లు చదివింది. కంప్యూటర్లో మా లోను తెరిచి చూసి, హిందీలో నిదానంగా చెప్పింది.

ఆరు నెలలు వడ్డీ మాత్రమే అడగవచ్చు. కానీ ఉద్యోగం పోయి కట్టలేక అడిగినట్టు కాబట్టి అది బ్రాంచిలో తేలదు, పైకి పోవాలి, వారాలు పడుతుంది. వాళ్లు ఒప్పుకున్నా మీ లోను మీద పునర్వ్యవస్థీకరణ అని ముద్ర పడుతుంది. బ్యాంకు దాన్ని మంచి ఖాతాల్లోంచి తీసి మొండి ఖాతాల్లో రాస్తుంది. మీ క్రెడిట్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది. తర్వాత కొన్నేళ్లు ఎవరూ సులువుగా అప్పివ్వరు. అది తప్పనిసరైతే తప్పదు, కానీ ముందు ఇది చూడండి అంటూ స్క్రీన్ నావైపు తిప్పింది.

"మీరు ఆరు లక్షలు కట్టినప్పుడు కాలం తగ్గించుకున్నారు. కిస్తీ తగ్గించుకోలేదు. మిగిలిన అసలును మొదట మంజూరైన గడువు దాకానే మళ్లీ సర్దితే, కిస్తీ పదహారు వేల లోపుకొస్తుంది. మొదటి గడువు దాటడం లేదు కాబట్టి ఇది మేనేజర్ చేతిలో పని. వాయిదా ఒక్కటీ తప్పలేదు కాబట్టి అడగండి."

నాకు ఆ టేబుల్ మీద తల పెట్టి పడుకోవాలనిపించింది. మేం చేసిన పిచ్చి పనే మమ్మల్ని కాపాడేలా ఉంది. మళ్లీ ఉద్యోగం దొరికితే కిస్తీ పెంచుకోవచ్చా అని అడిగాను. పెంచుకోవచ్చు, ఒకేసారి పెద్ద మొత్తమూ కట్టవచ్చు, ఇటువంటి లోనుకు ముందుగా కడితే జరిమానా లేదు అంది. ఈ నెల కిస్తీ మాత్రం పాతదే, ఖాతాలో లేకపోతే తిరిగిపోతుంది, ఖాతాకూ లోనుకూ రెండిటికీ చార్జీలు పడతాయి, ఆ మచ్చ వేరే అని హెచ్చరించింది. నేను లేచేటప్పుడు ఇంకో మాట చెప్పింది.

"అంకుల్‌ను కూడా తీసుకురండి. ఆయన సంతకం వేరే భాషలో ఉంది. కాగితంలో ఏముందో ఆయన భాషలో మొత్తం చదివి వివరించాలి, ఆయన అర్థమైందని నా ముందు చెప్పాలి. అది లేకుండా నేను తీసుకోలేను."

కొత్త ఉత్తరం పొట్టిగా రాశాను. నా ఉద్యోగం పోయింది. కంపెనీ ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మీ లోనుకే కట్టాం. అసలు తగ్గింది, కిస్తీ తగ్గలేదు. ఇంతవరకు ఒక్క కిస్తీ తప్పలేదు. మిగిలిన అసలును మొదటి గడువు చివరిదాకా సర్ది కిస్తీ కొత్తగా లెక్క కట్టండి. ఉద్యోగం దొరకగానే పెంచుతాం. బాపు విని తలూపాడు. "గిప్పుడు మనిషి రాసినట్టున్నది" అన్నాడు. మొదటి గడువు చివరంటే ఎప్పుడో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. బ్యాంకులో గబగబా చదివేస్తే సరిపోతుందనుకున్నాను.

బ్యాంకుకు వెళ్లే రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఉదయం పదకొండు, హాలు నిండా జనం. బెన్ అప్పటికే మేనేజర్‌తో మాట్లాడి, కొత్త కిస్తీ వివరాల కాగితం తీసి పెట్టింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, హిందీలో చెప్పనా, తెలుగులో వింటారా అని అడిగింది. ఆయనకు హిందీ నాకన్నా బాగా వచ్చు, నలభై ఏళ్లు దాంట్లోనే బతికాడు.

"తెలుగే" అన్నాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "జర గట్టిగ" అన్నాడు. ఇంక గబగబా లేదు, గొణగడం లేదు. ఆ హాల్లో, టోకెన్ల పిలుపుల మీదుగా, మా అప్పు మొత్తం అరిచి చదివాను. మిగిలిన అసలు ఇంత. వచ్చే నెల నుంచి కిస్తీ ఇంత. ఆయన ప్రతిదానికీ ఊ కొట్టాడు. చివరి వరుస దగ్గర నా నోరు ఆగింది. బెన్‌కు తెలుగు రాదు, కానీ నేను ఆగిన చోట వేలు పెట్టి, ఇది కూడా అన్నట్టు చూసింది.

"లోను తీరేది ఇంకా పదహారేండ్లకు బాపూ."

"తొమ్మిదన్నవ్ గదా?"

"అది పాత కిస్తీకి. కిస్తీ తగ్గితే కాలం పెరుగుతది."

ఆయన వేళ్లు కదిలాయి. సగంలో ఆపేసి, "గప్పటికి నాకెంత?" అని నన్నే అడిగాడు.

"ఎనభై రెండు."

అరిచే చెప్పాను, ఇంకో దారి లేదు. వరుసలో ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. బాపు కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. పెన్ను ఆయన చేతిలోనే ఉంది.

"నేనుండనేమో బిడ్డా" అన్నాడు, సాంచెల గొంతుతోనే. "నా ఉపాడ్ నీ మీద పడ్తది."

నేను ఎంత కోప్పడ్డానో నాకే తెలియదు. "నీ ఉపాడ్ ఏంది? ఇది మీ నాయిన ఉపాడ్ గాదు. ఈ ఇంటికి అప్పు చేసింది నేను. కట్టేది నేను. నువ్వు సాంచెల కాడికి పోకుండ ఇంట్ల కూసోవాలె, గందుకే ఈ కాగితం. పోతనంటే చింపేస్త."

నాకు తెలియకుండానే ఆయన భాషలో అరిచేశాను. బెన్ బెదిరిపోయి, అంకుల్‌కు అర్థం కాలేదా, ఇంకోసారి చెప్పాలా అని హిందీలో అడిగింది.

"సమజ్ గయా బేటీ" అన్నాడు బాపు. "సబ్ సమజ్ గయా."

సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం దిద్ది దిద్ది పెట్టాడు. పక్కన నేను పెట్టాను. చదివి వివరించింది నేనేనని ఇంకో చోట కూడా పెట్టాను. నాలుగు రోజుల్లో కొత్త కిస్తీ పట్టిక వస్తుందంది బెన్.

బయటికొచ్చాక ఆయన మెట్ల మీద ఆగి, మోకాలు పట్టుకుని, ఫోను తీసి నా చేతికిచ్చాడు. సేఠ్ కొడుకు నంబరు కలపమన్నాడు. కలిపి ఇచ్చాను. నేను పుట్టకముందు నుంచి ఈ మనిషి ఏ కార్ఖానాకూ రానని చెప్పలేదు. జ్వరంలో వెళ్లాడు, అమ్మ పురుడు రోజున వెళ్లాడు. ఫోను చెవికి ఆనించుకుని, రోడ్డంతా వినపడేలా, నేను రాను సేఠ్, మా బిడ్డ వద్దంటున్నది అని హిందీలో చెప్పాడు. అవతల ఏమన్నారో గానీ, "నహీ, నహీ, అబ్ బుడ్ఢా హో గయా" అని, ముసలివాణ్ణయిపోయానని నవ్వి పెట్టేశాడు.

నేను అడిగింది దొరికింది. అయినా ఆటో ఎక్కగానే ఏడుపు వచ్చింది, ఎంత ఆపినా ఆగలేదు. కాగితం చూసే పోతానన్న మనిషి చేత, నేనే అరిచి చెప్పి, ఆ మాట వదిలించాను. బాపు నా భుజం మీద చెయ్యేసి, డ్రైవరు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా "ఏడ్వకు" అన్నాడు.